6.60 కోట్ల రిజర్వులు, 35 లక్షల బ్యాంకు బ్యాలెన్సు: ఒక కుటుంబ కంపెనీలో డివిడెండ్, బోనస్ షేర్ల కేసు

జీడిమెట్ల పారిశ్రామికవాడలో మందుల కంపెనీలకు కార్టన్ బాక్సులు తయారుచేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంది. తండ్రి పెట్టిన సంస్థ. ఇప్పుడు వాటాలు ముగ్గురివి. పెద్దాయనకు 40 శాతం, తమ్ముడికి 35, చెల్లెలికి 25. అన్నదమ్ములిద్దరూ డైరెక్టర్లు, కంపెనీ నుంచి జీతం తీసుకుంటారు. చెల్లెలికి వేరే ఉద్యోగం ఉంది. అంటే ఆవిడకు కంపెనీ నుంచి ఏమైనా రావాలంటే అది డివిడెండ్ రూపంలోనే రావాలి. ఆ డివిడెండ్ కంపెనీ పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా ఇవ్వలేదు.

2024 వేసవిలో ఈ విషయం మీద మాటామాటా పెరిగి ముగ్గురూ నా దగ్గరికి వచ్చారు. ఆడిట్ వేరే ఫర్మ్ చూస్తుంది, నాది సలహా ఇచ్చే పని. గుర్తుపట్టడానికి వీల్లేకుండా అంకెలను సవరించాను, కానీ లెక్క నడిచిన తీరు మాత్రం ఇదే.

2024 మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్ ఇలా ఉంది. 10 రూపాయల ముఖ విలువతో 10 లక్షల షేర్లు, అంటే షేర్ క్యాపిటల్ 1 కోటి. రిటైన్డ్ ఎర్నింగ్స్, అంటే ఏటా లాభంలో పంచకుండా మిగుల్చుకుంటూ వచ్చిన మొత్తం, ఏడాది మొదట్లో 5.40 కోట్లు. ఆ ఏడు పన్ను పోను లాభం 1.20 కోట్లు వచ్చి కలిసింది కాబట్టి 6.60 కోట్లయింది. రెండూ కలిపి ఈక్విటీ 7.60 కోట్లు. దాన్ని 10 లక్షల షేర్లతో భాగిస్తే షేరుకు పుస్తక విలువ 76 రూపాయలు.

చెల్లెలు అడిగింది సూటిగా ఉంది. "అన్నయ్యా, రిజర్వుల్లో ఆరు కోట్ల అరవై లక్షలు ఉన్నాయని మీ బ్యాలెన్స్ షీటే చెప్తోంది. అందులో నా పావు వాటా కోటీ అరవై అయిదు లక్షలు. అది నాకిచ్చేయండి, ఆ తర్వాత మీ ఇష్టం."

పెద్దాయన జవాబు కూడా అంతే సూటిగా ఉంది. "డబ్బెక్కడుందమ్మా? క్యాష్ లేదు. డివిడెండ్ బదులు బోనస్ షేర్లు ఇస్తాను. ఒక్కో షేరుకి నాలుగు. నీ రెండున్నర లక్షల షేర్లు పన్నెండున్నర లక్షలవుతాయి. సరేనా?"

ఇద్దరిలో ఎవరి మనసులోనూ మోసం లేదు. కానీ ఇద్దరి మాటల్లోనూ ఒక్కో తప్పు లెక్క ఉంది. వాటిని ఒక్కొక్కటిగా విప్పడమే నేను చేసిన పని.

ముందు చెల్లెలి లెక్క చూద్దాం. ఆ 6.60 కోట్లు పంచడానికి చట్టం పెద్దగా అడ్డు రాదు. కంపెనీల చట్టం 2013లోని 123వ సెక్షన్ ప్రకారం ఈ ఏడాది లాభం నుంచే కాదు, తరుగుదల లెక్క తీసేశాక వెనకటి ఏళ్లలో పంచకుండా మిగిలిన లాభాల నుంచి కూడా డివిడెండ్ ఇవ్వవచ్చు. అడ్డు ఉన్నది బ్యాలెన్స్ షీట్ రెండో వైపు. మొత్తం ఆస్తులు 13 కోట్లు. అందులో బిల్డింగ్, మెషినరీ కలిపి 5.80 కోట్లు. క్రాఫ్ట్ పేపర్, తయారైన సరుకు 2.30 కోట్లు. కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీలు 4.30 కోట్లు. డిపాజిట్లు వగైరా 25 లక్షలు. బ్యాంకులో ఉన్నది 35 లక్షలు, అంతే.

ఆ 6.60 కోట్లు ఏమయ్యాయని ఆవిడ అడిగితే ఆ షీట్ మీదే వేలు పెట్టి చూపించాను. 2021లో కొన్న ప్రింటింగ్ మెషిన్‌లో కొంత ఉంది. మూడు నెలలకు గానీ బిల్లు చెల్లించని మందుల కంపెనీల దగ్గర కొంత ఉంది. గోడౌన్‌లో పేపర్ రీళ్ల రూపంలో కొంత ఉంది. రిటైన్డ్ ఎర్నింగ్స్ అనేది విడిగా దాచిపెట్టిన సొమ్ము కాదు. కంపెనీ ఆస్తుల్లో ఎంత భాగానికి వాటాదారులు తమ లాభం వదులుకుని పెట్టుబడి పెట్టారో చెప్పే అంకె అది. అందుకే ఆ అంకె పక్కన నగదు ఉండాలన్న నియమం ఏమీ లేదు.

అలాగని "క్యాష్ లేదు" అన్న పెద్దాయన మాటను కూడా నేను ఉన్నదున్నట్టు ఒప్పుకోలేదు. మార్చి 31న బ్యాంకులో ఎంత ఉందన్నది ఒక్క రోజు సంగతి. ఏడాది పొడవునా వ్యాపారం ఎంత నగదు పుట్టిస్తోంది, అందులో తప్పనిసరి ఖర్చులు పోను ఎంత మిగులుతోంది అన్నదే చూడాలి. లాభం 1.20 కోట్లకు తరుగుదల 60 లక్షలు తిరిగి కలిపితే 1.80 కోట్లు. టర్మ్ లోన్ అసలు వాయిదాలు 70 లక్షలు. అమ్మకాలు పెరుగుతున్నాయి కాబట్టి బాకీలకు, స్టాకుకు అదనంగా 45 లక్షలు కావాలి. పాత మెషిన్ల మరమ్మతులకు, మార్పిడికి 30 లక్షలు. అన్నీ తీసేస్తే 35 లక్షలు మిగులుతాయి. ఇదే ఈ కంపెనీ ఇబ్బంది పడకుండా ఇవ్వగలిగిన డివిడెండ్‌కు పైహద్దు. చెల్లెలు తన ఒక్క వాటాకే 1.65 కోట్లు అడుగుతున్నారు. ఆవిడకి అంత ఇవ్వాలంటే మిగతా ఇద్దరికీ వాళ్ల వాటా ప్రకారం ఇవ్వాలి. అంటే మొత్తం 6.60 కోట్లు బయటికి పోవాలి, దానికి ఫ్యాక్టరీ అమ్మాలి. ఈ మాట చెప్పాక ఆవిడ ఆ డిమాండ్‌ను తనే పక్కన పెట్టారు. "సరే సార్, సున్నా అయితే కాదు కదా" అన్నారు. కాదు. ఆవిడ పట్టుబట్టిన దాంట్లో న్యాయం ఉంది.

ఇక పెద్దాయన ప్రతిపాదన. అందులో మొదటి చిక్కు "బదులు" అన్న మాటలోనే ఉంది. కంపెనీల చట్టం 63వ సెక్షన్ బోనస్ షేర్లను డివిడెండ్‌కు బదులుగా ఇవ్వకూడదని ఖండితంగా చెప్తుంది. వాళ్లు తయారుచేసుకొచ్చిన బోర్డు తీర్మానం ముసాయిదాలో "డివిడెండ్‌కు బదులుగా" అనే రాసి ఉంది. ఆ మాట కొట్టేస్తే సరిపోతుందా అని తమ్ముడు అడిగారు. సరిపోదని చెప్పాను. డివిడెండ్ ఇవ్వాలా వద్దా అన్నది నగదు చూసి తీసుకునే నిర్ణయం. బోనస్ ఇవ్వాలా వద్దా అన్నది క్యాపిటల్ ఎంత ఉండాలో చూసి తీసుకునే నిర్ణయం. రెండింటికీ విడివిడిగా కారణాలుండాలి, మినిట్స్‌లో విడివిడిగా ఆ కారణాలు కనబడాలి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. బోనస్ వల్ల ఎవరికీ ఏమీ కొత్తగా రాదు. ఒక కాగితం మీద ఈ పట్టిక వేసి ముగ్గురి ముందూ పెట్టాను. అంకెలు కోట్లలో ఉన్నాయి, చివరి వరుస తప్ప.

| | ఇప్పుడు | షేరుకు 3 రూపాయల డివిడెండ్ ఇస్తే | 1:1 బోనస్ ఇస్తే | 4:1 బోనస్ ఇస్తే |
|---|---|---|---|---|
| షేర్ క్యాపిటల్ | 1.00 | 1.00 | 2.00 | 5.00 |
| రిటైన్డ్ ఎర్నింగ్స్ | 6.60 | 6.30 | 5.60 | 2.60 |
| మొత్తం ఈక్విటీ | 7.60 | 7.30 | 7.60 | 7.60 |
| షేరు పుస్తక విలువ, రూపాయల్లో | 76.00 | 73.00 | 38.00 | 15.20 |

మూడో వరుస చూడండి. డివిడెండ్ ఇచ్చిన చోట మాత్రమే మొత్తం తగ్గింది, ఎందుకంటే 30 లక్షల నగదు కంపెనీ గడప దాటింది. బోనస్ ఇచ్చిన రెండు చోట్లా మొత్తం కదల్లేదు. రిటైన్డ్ ఎర్నింగ్స్ అనే పద్దు నుంచి షేర్ క్యాపిటల్ అనే పద్దుకి అంకె మారింది, అంతే. చెల్లెలి చేతిలో ఇప్పుడున్న 2.5 లక్షల షేర్లను 76తో గుణిస్తే 1.90 కోట్లు. 4:1 తర్వాత 12.5 లక్షల షేర్లను 15.20తో గుణించినా 1.90 కోట్లే. వాటా కూడా పాతిక శాతం దగ్గరే ఉంటుంది. అందరికీ ఒకే దామాషాలో ఇస్తారు కాబట్టి ఎవరి వాటా తగ్గదు, ఎవరిదీ పెరగదు.

ఇది లిస్టెడ్ కంపెనీల్లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2024 అక్టోబరులో రిలయన్స్ 1:1 బోనస్ ఇచ్చినప్పుడు ఎక్స్-బోనస్ రోజున, అంటే బోనస్ హక్కు లేకుండా షేరు ట్రేడయ్యే మొదటి రోజున, ధర దాదాపు సగానికి సర్దుకుంది. తమ్ముడి దగ్గర ఆ షేర్లున్నాయి. "డీమ్యాట్‌లో సంఖ్య రెట్టింపయింది, విలువ అక్కడే ఉంది" అని ఆయనే తర్వాత చెప్పారు. ప్రైవేట్ కంపెనీకి మార్కెట్ ధర ఉండదు కాబట్టి ఈ సర్దుబాటు కనబడదు, అందుకే బోనస్‌ను బహుమతి అనుకోవడం ఇక్కడ ఎక్కువ.

అయితే బోనస్ వల్ల ఏ మార్పూ రాదా అంటే, వస్తుంది. ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. రిటైన్డ్ ఎర్నింగ్స్‌లో ఉన్న రూపాయిని రేపు డివిడెండ్‌గా పంచవచ్చు. షేర్ క్యాపిటల్‌గా మారిన రూపాయిని అలా పంచడానికి లేదు. దాన్ని వెనక్కి తేవాలంటే 66వ సెక్షన్ కింద కంపెనీ లా ట్రిబ్యునల్‌కి వెళ్లి క్యాపిటల్ తగ్గింపు ఆమోదం తెచ్చుకోవాలి, లేదా బైబ్యాక్ చేయాలి, అంటే కంపెనీయే తన షేర్లను వాటాదారుల నుంచి తిరిగి కొనాలి. అందుకే అప్పిచ్చినవాళ్లకు బోనస్ అంటే ఇష్టం. వాళ్ల కంటికి అది వాటాదారులు "ఇంత సొమ్ము మేం బయటికి తీయం" అని రాసిచ్చినట్టు.

4:1 ఇస్తే 6.60లో 4 కోట్లు అలా తాళం పడిపోతాయి. రేపు చెల్లెలు పూర్తిగా బయటికి వెళ్లాలనుకుంటే ఏమవుతుందో లెక్క వేసి చూపించాను. కంపెనీ ఆవిడ షేర్లను పుస్తక విలువకే, 1.90 కోట్లకు, బైబ్యాక్ చేసిందనుకుందాం. అందరికీ ఆఫర్ ఇవ్వడం, అప్పుల నిష్పత్తి లాంటి షరతులు ఉన్నాయి, వాటిని కాసేపు పక్కన పెడదాం. ఫ్రీ రిజర్వుల నుంచి, అంటే డివిడెండ్‌గా పంచదగ్గ రిజర్వుల నుంచి, బైబ్యాక్ చేసినప్పుడు రద్దయిన షేర్ల ముఖ విలువకు సమానమైన మొత్తాన్ని క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వుకు మార్చాలి. ఆ రిజర్వును డివిడెండ్‌గా ఇవ్వకూడదు. అంటే కట్టిన ధర మొత్తం, కొంత నేరుగా కొంత ఈ మార్పిడి ద్వారా, ఫ్రీ రిజర్వుల్లోంచే పోతుంది. ఇప్పుడైతే 6.60లోంచి 1.90 పోయి 4.70 కోట్లు మిగులుతాయి. 4:1 బోనస్ తర్వాత అయితే 2.60లోంచి 1.90 పోయి 70 లక్షలే మిగులుతాయి. అదే మనిషి, అదే వాటా, అదే ధర. కానీ రెండో సందర్భంలో ఆ తర్వాత ఒక చెడ్డ ఏడాది వచ్చిందంటే అన్నదమ్ములకు పంచుకోవడానికి ఏమీ ఉండదు. ఈ మాట విన్నాక మాత్రం పెద్దాయన కాసేపు మాట్లాడలేదు.

4:1కి ఇంకో నష్టం ఉంది, దాన్ని ఎవరూ ఊహించలేదు. చట్టం దృష్టిలో ఇది "చిన్న కంపెనీ". 2024లో దానికి పెయిడప్ క్యాపిటల్ పరిమితి 4 కోట్లు, టర్నోవర్ పరిమితి 40 కోట్లు. టర్నోవర్ హద్దుకు ఈ కంపెనీ చాలా దూరంలో ఉంది. కానీ 4:1 బోనస్ ఇస్తే క్యాపిటల్ 5 కోట్లయి, ఒక్క రూపాయి కొత్త పెట్టుబడి రాకుండానే హద్దు దాటేది. అప్పుడు క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ తప్పనిసరి, ఏడాదికి రెండు సరిపోయే బోర్డు మీటింగులు నాలుగు కావాలి, ఆడిట్ రిపోర్టులో అదనపు అంశాలు వస్తాయి, షేర్లు డీమ్యాట్ చేయాల్సిన బాధ్యత నెత్తిన పడుతుంది. బోనస్ నిష్పత్తి నిర్ణయించేటప్పుడు ఈ హద్దు చూసుకోకుండా తీర్మానం చేసేసిన కంపెనీలు నాకు తెలుసు.

మరి బోనసే వద్దందామా అంటే, దానికీ ఒక సరైన కారణం దొరికింది. క్యాష్ క్రెడిట్ పరిమితిని 2 కోట్ల నుంచి పెంచమని వాళ్లు బ్యాంకును అడుగుతున్నారు. 13 కోట్ల ఆస్తులున్న కంపెనీకి 1 కోటి క్యాపిటలే ఉండటం, మిగతాదంతా ఎప్పుడైనా పంచుకోగలిగే లాభాలే కావటం బ్యాంకుకు నచ్చలేదు. క్యాపిటల్ 2 కోట్లు చేయమన్నారు. అందుకే 1:1 సరిపోతుందన్నాను. రిజర్వుల్లో ఇంకా 5.60 కోట్లు పంచదగ్గవిగానే ఉంటాయి. పెద్దాయన ఒక దశలో, ఫ్యాక్టరీ స్థలం ధర బాగా పెరిగింది కదా, దాన్ని రీవాల్యుయేషన్ చేసి ఆ రిజర్వు నుంచి బోనస్ ఇద్దామన్నారు. అది కుదరదు. ఆస్తుల విలువ పెంచి రాసుకున్న రిజర్వు నుంచి బోనస్ ఇవ్వకూడదని చట్టమే చెప్తోంది. ఫ్రీ రిజర్వులు, సెక్యూరిటీస్ ప్రీమియం, క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వు, ఈ మూడింటి నుంచే ఇవ్వాలి.

చివరికి రెండు నిర్ణయాలూ వేర్వేరుగా జరిగాయి. ముందు డివిడెండ్. టర్మ్ లోన్ మంజూరు పత్రంలో డివిడెండ్‌కు బ్యాంకు అనుమతి కావాలనే షరతు ఉంది, కాబట్టి ముందే లేఖ రాసి అనుమతి తెచ్చుకున్నారు. బోర్డు షేరుకు 3 రూపాయలు సిఫారసు చేసింది, సెప్టెంబరులో వార్షిక సమావేశం ఆమోదించింది. ప్రకటించిన 5 రోజుల్లోగా 30 లక్షలు వేరే బ్యాంకు ఖాతాలో వేసి, 30 రోజుల గడువు లోపలే చెల్లించారు. పెద్దాయనకు 12 లక్షలు, తమ్ముడికి 10.50, చెల్లెలికి 7.50 లక్షలు. 10 శాతం టీడీఎస్ పోను చెల్లెలి ఖాతాలో 6.75 లక్షలు పడ్డాయి. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద పన్ను కంపెనీ కట్టడం లేదు, అందుకున్నవాళ్లే తమ శ్లాబు ప్రకారం కట్టాలి. 30 శాతం శ్లాబులో ఉన్న అన్నదమ్ములకు ఇది అంత రుచించలేదు. ఇన్నాళ్లు డివిడెండ్ ఇవ్వకపోవడానికి ఇదీ ఒక కారణమేనని తమ్ముడు ఒప్పుకున్నారు.

ఒక చిన్న విషయం ఇక్కడ చాలామందిని తికమక పెడుతుంది. ఈ డివిడెండ్ 2023-24 లాభాల మీద ఇచ్చిందే అయినా 2024 మార్చి బ్యాలెన్స్ షీట్‌లో తగ్గదు. ఆ తేదీకి వాటాదారులు ఇంకా ఆమోదించలేదు కాబట్టి అది అప్పటికి బాకీ కాదు. నోట్‌లో ప్రతిపాదించినట్టు చెప్తారు, ఎంట్రీ మాత్రం ఆమోదించిన తేదీన పడుతుంది. అప్పుడు రిటైన్డ్ ఎర్నింగ్స్ డెబిట్, చెల్లించాల్సిన డివిడెండ్ క్రెడిట్.

తర్వాత డిసెంబరులో బోనస్. కంపెనీ నియమావళి అయిన ఆర్టికల్స్‌లో బోనస్‌కు అధికారం ఉందో లేదో చూశాం, ఉంది. ఆథరైజ్డ్ క్యాపిటల్, అంటే కంపెనీ జారీ చేయగల షేర్ క్యాపిటల్ గరిష్ట హద్దు, 1.50 కోట్లే. దాన్ని 2 కోట్లకు పెంచి కంపెనీల రిజిస్ట్రార్‌ దగ్గర SH-7 ఫారం వేశారు. ఉద్యోగుల పీఎఫ్, గ్రాట్యుటీ బకాయిలు లేవని నిర్ధారించుకున్నాం, ఎందుకంటే అవి ఎగ్గొట్టిన కంపెనీ బోనస్ ఇవ్వకూడదు. బోర్డు ఒకసారి ప్రకటించాక వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు కాబట్టి ఈ తనిఖీలన్నీ బోర్డు మీటింగుకు ముందే పూర్తవ్వాలి. అలాట్‌మెంట్ అయ్యాక దాన్ని తెలిపే PAS-3 ఫారం. పుస్తకాల్లో రిటైన్డ్ ఎర్నింగ్స్ 1 కోటి డెబిట్, షేర్ క్యాపిటల్ 1 కోటి క్రెడిట్. బ్యాంకు ఖాతా ఊసే లేదు, ఎవరికీ టీడీఎస్ లేదు. బోనస్ షేర్లు అందుకున్న రోజున వాటి మీద ఆదాయపు పన్ను ఉండదు. రేపు అమ్మితే మాత్రం ఆ షేర్ల కొనుగోలు ఖరీదు సున్నాగా లెక్కవేస్తారని చెల్లెలికి విడిగా చెప్పాను. అలాట్‌మెంట్ తేదీ ఉన్న కాగితం జాగ్రత్తగా పెట్టుకోమన్నాను, ఎందుకంటే ఎంతకాలం షేరు చేతిలో ఉందన్న లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.

డివిడెండ్ ముందు, బోనస్ తర్వాత అన్న క్రమం కావాలని పెట్టిందే. బోనస్ ముందు అయిపోయి "షేరుకు 3 రూపాయలు" అన్న తీర్మానం అలాగే ఉండిపోతే 20 లక్షల షేర్ల మీద 60 లక్షలు కట్టాలి. కంపెనీ స్తోమత 35 లక్షలు.

2024-25లో లాభం 1.30 కోట్లు వచ్చింది. 6.60లోంచి డివిడెండ్ 30 లక్షలు, బోనస్ 1 కోటి పోయి, 1.30 కోట్లు కలిస్తే రిటైన్డ్ ఎర్నింగ్స్ మళ్లీ 6.60 కోట్లే. పాత షీటు, కొత్త షీటు పక్కపక్కన పెట్టి చూసిన చెల్లెలికి అనుమానం వచ్చింది, ఏడాదంతా ఏమీ జరగలేదా అని. రిజర్వుల నోట్‌లో ఆ మూడు కదలికలూ వరుసగా ఉంటాయి. కంపెనీ ఈక్విటీ గురించి తెలుసుకోవాలంటే ముగింపు అంకె కంటే ఆ నోట్ ముందు చదవాలి. ఈక్విటీ 7.60 నుంచి 8.60 కోట్లయింది. ఆ కోటి పెరుగుదలలో బోనస్ పాత్ర ఏమీ లేదు. లాభం 1.30లోంచి డివిడెండ్ 30 లక్షలు పోగా మిగిలిందే అది.

షేరుకు లాభం కూడా అలాగే తికమక పెట్టింది. నిరుడు 12 రూపాయలు, ఈ ఏడు 6.50. సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. బోనస్ ఇచ్చినప్పుడు వెనకటి ఏడాది అంకెను కూడా కొత్త షేర్ల సంఖ్యతోనే తిరగరాయాలి. 1.20 కోట్లను 20 లక్షల షేర్లతో భాగిస్తే నిరుటిది 6 రూపాయలు. అప్పుడు 6 నుంచి 6.50కి పెరిగినట్టు, ఉన్న నిజం కనబడుతుంది. ముసాయిదా లెక్కల్లో 12 అలాగే ఉండిపోతే ఆడిటర్ పట్టుకుని సరిచేయించారు.

2025లో బోర్డు మీటింగులో తమ్ముడు "పోయినేడాదిలాగే 30 శాతం డివిడెండ్ ఇద్దాం" అన్నారు. ముఖ విలువ మీద 30 శాతం అంటే షేరుకు 3 రూపాయలే, కానీ షేర్లు ఇప్పుడు 20 లక్షలు. శాతం అదే ఉన్నా కట్టాల్సింది రెట్టింపవుతుంది. అందుకని వాళ్లు శాతాల్లో మాట్లాడటం మానేసి, ముందు ఎంత మొత్తం ఇవ్వగలమో తేల్చుకుని దాన్ని షేర్లతో భాగించడం మొదలుపెట్టారు. ఆ ఏడు తేలింది 35 లక్షలు, షేరుకు 1.75. చెల్లెలి 5 లక్షల షేర్లకు 8.75 లక్షలు వచ్చాయి.